పది మెగాబిట్ల లైనుకు టోకెన్ బకెట్ బిగించడం ఎలా?

కర్నూలులో ఒక స్కానింగ్ సెంటర్ ఉందనుకుందాం. రాత్రిపూట వచ్చే కేసులకు రిపోర్టు రాసే రేడియాలజిస్టు అనంతపురంలో ఉంటారు. ఒక సీటీ స్కాన్‌లో సుమారు 300 చిత్రాలు ఉంటాయి. ఒక్కో చిత్రానికి అడ్డంగా 512, నిలువుగా 512 బిందువులు, బిందువుకు రెండు బైట్లు. అంటే చిత్రానికి 5,24,288 బైట్లు, స్కాన్ మొత్తానికి దాదాపు 157 మెగాబైట్లు. సెంటర్ తీసుకున్న ప్లానులో అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు. ఈ లెక్కన రెండు నిమిషాలు దాటి కొద్దిసేపటికే స్కాన్ అనంతపురం చేరాలి. కానీ చేరదు. పంపడం మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఆ సేపంతా కౌంటర్‌లో బిల్లింగ్ పేజీ తెరుచుకోదు, డాక్టరు గారితో వీడియో కాల్ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఇంటర్నెట్ సంస్థకు ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది సార్" అంటారు.

చాలాసార్లు వాళ్ల మాట నిజమే. చిక్కు లైనులో కాదు, లైనులోకి మనం డేటాను వదిలే తీరులో ఉంటుంది. దాన్ని మన వైపు నుంచే సరిచేసుకునే పద్ధతి ఇక్కడ చెబుతాను. ఇందుకు కావలసింది లోపలి నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్ సంస్థ పెట్టెకూ మధ్య ఒక లినక్స్ రౌటర్. రెండు నెట్‌వర్క్ కార్డులున్న పాత కంప్యూటర్ అయినా చాలు. బయటి వైపు కార్డు పేరు eth0 అనీ, లోపలి వైపు కార్డు పేరు eth1 అనీ అనుకుందాం. మీ దగ్గర ఏ పేరుందో ఈ ఆదేశం చెబుతుంది:

```
ip route show default
```

అందులో dev అన్న మాట తర్వాత కనిపించేదే బయటి వైపు కార్డు.

అసలు ఏం జరుగుతోంది

10 మెగాబిట్ల ప్లాను అంటే తీగ వేగం 10 మెగాబిట్లని కాదు. ఫైబర్ పెట్టె నుంచి మీ రౌటర్‌కు వచ్చే కేబుల్ గిగాబిట్ వేగంతో నడుస్తుంది, అంటే ప్లాను కంటే వంద రెట్లు. ఒక ప్యాకెట్ బయలుదేరితే గిగాబిట్ వేగంతోనే బయలుదేరుతుంది. మరి 10 మెగాబిట్లకు కట్టడి ఎవరు చేస్తారు? సంస్థ వైపు ఉన్న పరికరం. అది వాడే లెక్కే సాధారణంగా టోకెన్ బకెట్.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మీ పేరిట ఒక బకెట్ ఉంటుంది. అందులో సెకనుకు 12,50,000 టోకెన్లు ఒకే తీరుగా పడుతుంటాయి. ఒక టోకెన్ ఒక బైటును పంపడానికి అనుమతి. 10 మెగాబిట్లను 8తో భాగిస్తే వచ్చేది ఈ సంఖ్యే. బకెట్‌కు ఒక లోతు ఉంటుంది. ఉదాహరణకు 1,25,000 టోకెన్లు అనుకుందాం. నిండిన తర్వాత పడేవి పొర్లిపోతాయి, దాచుకోవడం కుదరదు. 1514 బైట్ల ప్యాకెట్ వస్తే బకెట్ నుంచి 1514 టోకెన్లు తీసి దాన్ని పోనిస్తారు. అన్ని టోకెన్లు లేకపోతే ప్యాకెట్‌ను అక్కడికక్కడే పారేస్తారు. దీన్నే పోలీసింగ్ అంటారు. కాసేపు ఆపి పంపుదామన్న ఆలోచన అందులో ఉండదు.

రెండే అంకెలు గుర్తుంచుకుంటే చాలు. టోకెన్లు పడే వేగం r, బకెట్ లోతు b. ఏ T సెకన్ల వ్యవధిని తీసుకున్నా అందులో బయటికి పోగలిగే బైట్లు ఇంతకు మించవు:

```
b + r × T
```

వ్యవధి పెద్దదైతే b లెక్కలోకి రాదు, సగటు r దగ్గరే నిలుస్తుంది. చిన్న వ్యవధుల్లో b దే రాజ్యం. టోకెన్ బకెట్ స్వభావమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. కాసేపు ఊరుకున్నవాడికి ఒక్కసారిగా పంపుకునే వీలిస్తుంది, కానీ ఎంతసేపు చూసినా సగటును దాటనివ్వదు.

ఇప్పుడు స్కాన్ పంపే సర్వర్ గిగాబిట్ వేగంతో ప్యాకెట్లను గుమ్మరించిందనుకోండి. బకెట్ ఎంతసేపు ఆగుతుంది? లోతును, వచ్చే వేగానికీ నిండే వేగానికీ ఉన్న తేడాతో భాగించాలి. గిగాబిట్ అంటే సెకనుకు 12,50,00,000 బైట్లు. అందులోంచి 12,50,000 తీసేసి 1,25,000ను భాగిస్తే వచ్చేది సెకనులో వెయ్యో వంతు. ఒక్క మిల్లీసెకనులో బకెట్ ఖాళీ! ఆ తర్వాత అదే వేగంతో వచ్చే ప్రతి వంద ప్యాకెట్లలో ఒకటి మాత్రమే అవతలికి చేరుతుంది.

టీసీపీ దీన్ని తట్టుకోలేదు. వరుసగా పదుల ప్యాకెట్లు పోతే అది దారి బాగా రద్దీగా ఉందనుకొని వేగం ఒక్కసారిగా తగ్గించుకుంటుంది. ఒక్కోసారి జవాబు కోసం ఎదురుచూస్తూ పూర్తిగా ఆగిపోతుంది. ఆ విరామంలో బకెట్ మళ్లీ నిండుతుంది. టీసీపీ ధైర్యం తెచ్చుకొని వేగం పెంచుతుంది, మళ్లీ గుమ్మరిస్తుంది, మళ్లీ పోగొట్టుకుంటుంది. స్కాన్ ఆగి ఆగి కదలడానికి కారణం ఇది. అదే బకెట్ బిల్లింగ్ పేజీకీ వీడియో కాల్‌కూ కూడా కాబట్టి, వాటి ప్యాకెట్లు వచ్చేసరికి టోకెన్లు మిగలవు. తప్పు చేసింది ఒకరు, ప్యాకెట్లు పోయేది అందరివీ.

లీకీ బకెట్ ఎక్కడ వేరు?

అనంతపురం వైపు చీనీ తోటల్లో డ్రిప్‌కు కట్టిన తొట్టిని తలచుకోండి. ట్యాంకర్ వచ్చి నీళ్లన్నీ ఒక్కసారిగా తొట్టిలో వదిలిపోతుంది. చెట్టు మొదట్లో మాత్రం చుక్కలు ఒకే తీరుగా పడుతుంటాయి. తొట్టి నిండాక ఇంకా వదిలితే గట్టు మీదుగా పొర్లిపోతుంది. లీకీ బకెట్ ఇదే. బకెట్‌లో ఉండేవి టోకెన్లు కావు, ప్యాకెట్లే. అది ఒక క్యూ, దాని అడుగున ఒకే పరిమాణంలో రంధ్రం. ప్యాకెట్లు ఎంత గుంపుగా వచ్చినా ఒకదాని తర్వాత ఒకటి సమాన దూరంలో బయటికి పోతాయి.

తేడా ఎక్కడంటే, లీకీ బకెట్‌లో పొదుపు లేదు. గంటసేపు ఏమీ పంపకుండా కూర్చున్నా, గంట తర్వాత వచ్చిన పది ప్యాకెట్లు వరుసలో నిలబడాల్సిందే. టోకెన్ బకెట్‌లో అయితే ఆ పదీ పొదుపు చేసిన టోకెన్లతో వెంటనే వెళ్లిపోతాయి.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. కొన్ని పుస్తకాల్లో రెండూ ఒకటే అని ఉంటుంది, కొన్నింటిలో వేర్వేరు అని ఉంటుంది. రెండు మాటలూ సరైనవే. జొనాథన్ టర్నర్ 1986లో లీకీ బకెట్ ఆలోచనను వివరించినప్పుడు అది ప్యాకెట్లను దాచే క్యూ కాదు, ఒక లెక్కపెట్టే మీటరు. ప్యాకెట్ వచ్చినప్పుడల్లా లెక్క పెరుగుతుంది, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, హద్దు దాటితే ప్యాకెట్‌ను పారేస్తారు. ఆ మీటరును తలకిందులు చేస్తే టోకెన్ బకెట్టే. ఒకదాంట్లో నిండిన భాగాన్ని లెక్కపెడతాం, ఇంకోదాంట్లో మిగిలిన భాగాన్ని. క్యూ రూపంలో ఉన్న లీకీ బకెట్ మాత్రం నిజంగా వేరు. ఈ వ్యాసంలో లీకీ బకెట్ అన్నప్పుడల్లా ఆ క్యూనే.

మొదట సంస్థ బకెట్ లోతు తెలుసుకోండి

మన పథకం తేలికైనది. సంస్థ బకెట్ కంటే కాస్త చిన్న బకెట్‌ను మనమే మన రౌటర్‌లో పెట్టుకుంటాం. తేడా ఒక్కటే, టోకెన్లు లేనప్పుడు మనది ప్యాకెట్‌ను పారేయదు, క్యూలో ఆపుతుంది. దాన్నే షేపింగ్ అంటారు. మన వేగం సంస్థ వేగం కంటే తక్కువ, మన లోతు వాళ్ల లోతు కంటే తక్కువ అయితే, పైన చెప్పిన b + r × T లెక్క ప్రకారం ఏ వ్యవధిలోనూ మనం వాళ్ల హద్దు దాటం. కాబట్టి వాళ్ల పోలీసుకు పని ఉండదు.

వేగం ప్లానులో రాసి ఉంటుంది. లోతు ఎక్కడా రాయరు. సంస్థ ఇంజనీరును "పోలీసర్‌లో బరస్ట్ సైజు ఎంత పెట్టారు?" అని సూటిగా అడగండి. లీజుడ్ లైనైతే చెబుతారు. మామూలు కనెక్షన్ అయితే కొలుచుకోవడమే దారి. అందుకు అవతల, 10 మెగాబిట్ల కంటే బాగా ఎక్కువ డౌన్‌లోడ్ వేగమున్న చోట, అద్దెకు తీసుకున్న సర్వర్‌లోనో మరెక్కడో లైను వేగాన్ని కొలిచే iperf3 ప్రోగ్రాం నడుస్తూ ఉండాలి. సెంటర్‌లో అందరూ వెళ్లిపోయాక, లైను ఖాళీగా ఉన్నప్పుడు లోపలి కంప్యూటర్ నుంచి ఇది ఇవ్వండి. చిరునామా స్థానంలో మీ సర్వర్ చిరునామా పెట్టుకోండి.

```
iperf3 -c 203.0.113.10 -u -b 100M -l 1400 -k 200
```

ఇది 200 యూడీపీ ప్యాకెట్లను సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో వదులుతుంది. అంతా సుమారు 22.4 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఒక్కో ప్యాకెట్‌లో 1400 బైట్ల సరుకు ఉన్నా, యూడీపీ, ఐపీ, ఈథర్నెట్ శీర్షికలు కలిసి తీగ మీద 1442 బైట్లు అవుతుంది. చివర్లో అవతలివైపు లెక్కలో Lost/Total Datagrams అన్న చోట చూడండి. ఉదాహరణకు 200లో 94 పోయాయని వచ్చింది. అంటే చేరినవి 106, బైట్లలో 1,52,852. ఆ 22.4 మిల్లీసెకన్లలో కొత్తగా పడిన టోకెన్లు 12,50,000ను 0.0224తో గుణిస్తే 28,000. తీసివేస్తే మిగిలేది సుమారు 1,25,000. అదే బకెట్ లోతు. ఖచ్చితంగా రాదు, మూడు నాలుగుసార్లు చేసి వాటిలో చిన్న సంఖ్యను తీసుకోండి. ప్రతిసారీ మధ్యలో కొన్ని సెకన్లు ఆగండి, లేకపోతే బకెట్ నిండకముందే మళ్లీ తోడేస్తారు.

ఒక్కటీ పోకపోతే? అప్పుడు -k విలువను 1000కి పెంచి చూడండి. అయినా పోకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. వాళ్ల బకెట్ చాలా లోతుగా ఉండాలి, లేదా వాళ్లు పోలీసింగ్ కాకుండా షేపింగ్ చేస్తూ ఉండాలి. రెండోది తేల్చుకోవడం సులువు. పెద్ద ఫైలు పంపుతూ పక్కన పింగ్ నడపండి. ప్యాకెట్లు పోకుండా పింగ్ సమయం 20 మిల్లీసెకన్ల నుంచి కొన్ని వందలకు ఎగబాకితే వాళ్ల వైపు పొడవైన క్యూ ఉందన్నమాట. అప్పుడు కూడా మందు ఇదే. క్యూ ఎక్కడ పేరుకోవాలో మనమే నిర్ణయించుకుంటాం కాబట్టి.

మన బకెట్ కొలతలు

వేగం 10కి బదులు 9.5 మెగాబిట్లు పెట్టండి. అర మెగాబిట్ ఎందుకు వదులుకోవాలి? లినక్స్ ఒక పెద్ద ప్యాకెట్‌ను 1514 బైట్లుగా లెక్కిస్తుంది. సంస్థ పరికరం తీగ మీద అదనంగా పోయే బైట్లను కూడా లెక్కించి, దాన్నే 1538గా చూడవచ్చు. పెద్ద ప్యాకెట్లకు ఈ తేడా 1.6 శాతమే. కానీ 200 బైట్ల వాయిస్ ప్యాకెట్లకు పది శాతం దాటుతుంది. మన ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం స్కాన్లే కాబట్టి 5 శాతం వెసులుబాటు సరిపోతుంది. ఫోన్ కాల్సే ఎక్కువగా ఉండే కాల్ సెంటర్ అయితే ఇంకా తగ్గించాలి.

లోతు సంగతికి వస్తే, సంస్థది 1,25,000 బైట్లు ఉంది కదా అని మనమూ లక్ష పెట్టుకోనక్కరలేదు. బరస్ట్ ఎవరికి ఉపయోగమో ఆలోచించండి. స్కాన్ పంపేటప్పుడు మన బకెట్ ఎప్పుడూ అడుగంటే ఉంటుంది, పడిన టోకెన్ పడినట్టే ఖర్చవుతుంది. అక్కడ లోతు ఎంతున్నా స్కాన్ ఒక్క సెకను కూడా ముందు చేరదు. బరస్ట్ పనికొచ్చేది కాసేపు ఊరుకొని ఒక్కసారిగా కొంచెం పంపేవాటికి, అంటే బిల్లింగ్ పేజీలాంటి వాటికి. కొత్త టీసీపీ కనెక్షన్ మొదట్లో జవాబు కోసం ఆగకుండా పది ప్యాకెట్ల వరకూ పంపగలదు. పది పెద్ద ప్యాకెట్లు అంటే 15,140 బైట్లు. కాబట్టి 16 కిలోబైట్ల బకెట్, అంటే 16,384 బైట్లు పెడితే ఆ తొలి గుంపు ఆగకుండా వెళ్లిపోతుంది. ఖాళీ అయిన ఆ బకెట్ మళ్లీ నిండడానికి పట్టేది 13.8 మిల్లీసెకన్లు. పైగా సంస్థ బకెట్‌తో పోలిస్తే ఇది ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మధ్యలోని పరికరాల్లో ప్యాకెట్లు కొంచెం ముద్దకట్టినా ప్రమాదం ఉండదు.

ఇక ఆదేశాలు:

```
tc qdisc add dev eth0 root handle 1: tbf \
   rate 9500kbit burst 16kb latency 50ms
tc qdisc add dev eth0 parent 1:1 handle 10: fq_codel
```

మొదటిది టోకెన్ బకెట్. tbf అన్నది లినక్స్‌లో దాని పేరు, rate అంటే r, burst అంటే b. latency అంటే టోకెన్ల కోసం ఒక ప్యాకెట్ గరిష్ఠంగా ఎంతసేపు వేచి ఉండవచ్చో చెప్పే హద్దు. లినక్స్ దీన్ని క్యూ పొడవుగా మార్చుకుంటుంది. వేగాన్ని 0.05 సెకన్లతో గుణించి బరస్ట్‌ను కలుపుతుంది, అంటే 59,375 బైట్లకు 16,384 కలిపి 75,759 బైట్లు. పెద్ద ప్యాకెట్లలో దాదాపు యాభై.

రెండో ఆదేశాన్ని చాలామంది వదిలేస్తారు, అది పొరపాటు. టోకెన్ బకెట్ ఎంత పోవాలో చెబుతుంది గానీ ఎవరు ముందు పోవాలో చెప్పదు. దాని లోపలి క్యూ వచ్చిన వరుసలోనే పంపుతుంది. స్కాన్ తాలూకు యాభై ప్యాకెట్లు వరుసలో నిలబడి ఉంటే, వీడియో కాల్ తాలూకు చిన్న ప్యాకెట్ యాభై ఒకటో స్థానంలో నిలబడాలి. fq_codel ఆ క్యూను కనెక్షన్ల వారీగా విడదీసి వంతులవారీగా పంపుతుంది. కాల్ ప్యాకెట్ వస్తే స్కాన్ తాలూకు ఒకటి రెండు ప్యాకెట్ల తర్వాతే పోతుంది. పైగా ఏదైనా కనెక్షన్ క్యూను అదేపనిగా నింపుతుంటే, అప్పుడప్పుడూ దాని ప్యాకెట్ ఒకటి పారేసి నెమ్మదించమని టీసీపీకి సైగ చేస్తుంది. ఒకటి పోవడం వేరు, వరుసగా వంద పోవడం వేరు. మొదటిది టీసీపీకి అర్థమయ్యే భాష. ఒక విషయం గమనించండి. లోపల fq_codel పెట్టాక latency హద్దు పనిచేయదు, క్యూ పొడవు fq_codel చేతిలోకి వెళ్తుంది. అయినా tbf ఆ విలువ ఇవ్వనిదే ఆదేశాన్ని ఒప్పుకోదు కాబట్టి రాయాల్సిందే.

మనసు మార్చుకుంటే అంతా తీసేయడం ఒక్క ఆదేశం. విలువలు మార్చి పై ఆదేశాలను మళ్లీ ఇవ్వాలన్నా ముందు ఇది ఇవ్వాలి:

```
tc qdisc del dev eth0 root
```

లీకీ బకెట్ కావాలంటే

పై ఆదేశంలోనే burst విలువను ఒక్క ప్యాకెట్‌కు సరిపడా తగ్గించి 1600 అని ఇవ్వండి. పొదుపు అంతటితో పోతుంది. పెద్ద ప్యాకెట్లు 1.275 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున సమాన దూరంలో బయలుదేరతాయి. సంస్థ బకెట్ లోతు తెలియనప్పుడు, కొలవడానికి వీల్లేనప్పుడు ఇదే సురక్షితమైన మొదలు.

దీనివల్ల నష్టం ఎంత? పది ప్యాకెట్ల గుంపులో మొదటిది వెంటనే పోతుంది, చివరిది సుమారు 11.5 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. మనిషి కంటికి అది తెలియదు. అందుకే 10 మెగాబిట్ల దగ్గర టోకెన్ బకెటా లీకీ బకెటా అన్న వాదనకు పెద్ద విలువ లేదని నా అభిప్రాయం. అదే సెకనుకు 512 కిలోబిట్ల లైనైతే కథ మారుతుంది. ఒక్కో పెద్ద ప్యాకెట్‌కు దాదాపు 24 మిల్లీసెకన్లు, పదో ప్యాకెట్ 213 మిల్లీసెకన్ల ఆలస్యంతో పోతుంది. అక్కడ పేజీ తెరుచుకోవడంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మధ్యస్థమైన దారి కూడా ఒకటి ఉంది. బరస్ట్ ఇవ్వాలి, కానీ అది గిగాబిట్ వేగంతో పోకూడదు. అప్పుడు tbf ఆదేశానికి చివర peakrate 20mbit minburst 1540 అని చేర్చండి. 16 కిలోబైట్ల పొదుపు అలాగే ఉంటుంది, కానీ దాన్ని ఖర్చుపెట్టే వేగానికి 20 మెగాబిట్ల హద్దు పడుతుంది. లోపల జరిగేది ఏమిటంటే, మొదటి బకెట్ తర్వాత ఒక ప్యాకెట్ లోతున్న రెండో బకెట్ నిలబడుతుంది. సంస్థ పరికరం చిన్న గుంపులకు కూడా ప్యాకెట్లు పోగొడుతుంటే తప్ప దీని అవసరం రాదు.

పనిచేస్తోందో లేదో చూడడం

లోపలి కంప్యూటర్ నుంచి ఈసారి టీసీపీ పరీక్ష పెట్టండి, పక్కన ఇంకో కిటికీలో అదే సర్వర్‌కు పింగ్ నడపండి.

```
iperf3 -c 203.0.113.10 -t 30
tc -s qdisc show dev eth0
```

iperf3లో వేగం 9.1 మెగాబిట్ల దగ్గర నిలకడగా కనిపించాలి. 9.5 రాలేదని కంగారుపడకండి. 1514 బైట్ల ప్యాకెట్‌లో అసలు సరుకు 1448 బైట్లే, మిగతాది శీర్షికలు. ఈ వేగంతో మన 157 మెగాబైట్ల స్కాన్‌కు పట్టేది సుమారు 2 నిమిషాల 18 సెకన్లు. Retr అన్న నిలువు వరుస మళ్లీ పంపిన ప్యాకెట్ల సంఖ్య. బకెట్ పెట్టకముందు కూడా ఇదే పరీక్ష చేసి పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ముందు అది గుంపులు గుంపులుగా పెరుగుతుంది, ఇప్పుడు అక్కడక్కడా ఒకటో రెండో ఉండాలి. పింగ్ సమయం ఖాళీ లైనులో ఉన్నదానికంటే కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే పెరగాలి.

రెండో ఆదేశం ఇచ్చే జవాబులో tbf వరుస కింద overlimits అన్న అంకెను చూడండి. టోకెన్లు చాలక ప్యాకెట్‌ను ఆపిన ప్రతిసారీ అది పెరుగుతుంది. పెద్ద ఫైలు పంపేటప్పుడు అది చకచకా పెరుగుతుంటే బకెట్ పనిచేస్తున్నట్టే. అది లోపం కాదు, దాని ఉద్యోగమే అది. dropped అంకె నెమ్మదిగా పెరగడం కూడా మామూలే.

overlimits సున్నా దగ్గరే ఉంటే రెండు అనుమానాలు. మొదటిది, కార్డు పేరు తప్పు. రెండోది ఇంకా ఎక్కువగా జరిగేది, rate దగ్గర 9500kbit బదులు 9.5mbps అని రాయడం. tc భాషలో mbps అంటే మెగాబిట్లు కాదు, సెకనుకు మెగాబైట్లు. అంటే 76 మెగాబిట్ల వేగం పెట్టినట్టు. 10 మెగాబిట్ల లైను మీద ఆ బకెట్ అడ్డం పడే అవకాశమే లేదు.

overlimits పెరుగుతూనే ఉంది, అయినా Retr గుంపులుగా వస్తోందంటే మన బకెట్ ఇంకా సంస్థ హద్దును దాటుతోంది. మొదట rate ను 9000kbit కు దించి చూడండి. ఫలితం లేకపోతే దాన్ని తిరిగి పెంచి burst తగ్గించండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు.

ఇంకో విచిత్రమైన లక్షణం ఉంది. పింగ్ చక్కగా పోతుంది, కానీ పెద్ద ఫైలేదీ ఒక్క బైటూ కదలదు. burst విలువ 1514 కంటే తక్కువ పడి ఉంటుంది. బకెట్‌లో పట్టే టోకెన్ల కంటే ప్యాకెట్ పెద్దదైతే ఎంతసేపు ఆగినా సరిపడా టోకెన్లు చేరవు కాబట్టి tbf దాన్ని వచ్చిన వెంటనే పారేస్తుంది. చిన్న పింగ్ ప్యాకెట్లకు ఆ ఇబ్బంది లేదు. dmesg ఇచ్చి చూస్తే burst విలువ mtu కంటే తక్కువగా ఉందన్న హెచ్చరిక కనిపిస్తుంది.

దీనికి వ్యతిరేకంగా, వేగం బాగా ఎక్కువగా ఉన్న లైన్లలో బకెట్ మరీ చిన్నదైతే పెట్టిన వేగం అందదు. రౌటర్ ప్యాకెట్లను వదిలే గడియారం ఒక్కసారి కొట్టేలోగా పడే టోకెన్లు బకెట్‌లో పట్టకపోతే అవి పొర్లిపోతాయి. 10 మెగాబిట్లకు 16 కిలోబైట్లు చాలు. రేపు ప్లాను 200 మెగాబిట్లకు మారిస్తే rate తో పాటు burst ను కూడా పెంచాలి.

ఈ ఆదేశాలు రౌటర్ ఆపి మళ్లీ వేస్తే పోతాయి. కరెంటు పోయి వచ్చే చోట ఇది పెద్ద మాటే. నెట్‌వర్క్ కార్డు లేచినప్పుడు వాటంతట అవే నడిచేలా రౌటర్ ప్రారంభ స్క్రిప్టులో పెట్టండి.

డౌన్‌లోడ్ వైపు

ఇంతసేపూ అప్‌లోడ్ గురించే మాట్లాడాం. బకెట్ మన చేతిలో ఉన్న తలుపు దగ్గరే పనిచేస్తుంది, మనం బయటికి పంపే వైపే. బయటి నుంచి వచ్చే ప్యాకెట్లు మన రౌటర్ చేరేసరికి సంస్థ లైనును దాటేసి ఉంటాయి. అయినా ఒక ఉపాయం ఉంది. అవి మన రౌటర్ నుంచి లోపలి కంప్యూటర్లకు పోయేది eth1 మీదుగా. అక్కడ ఇదే జంట ఆదేశాలను, డౌన్‌లోడ్ ప్లాను వేగంలో పది శాతం తగ్గించి పెట్టండి. అక్కడ ప్యాకెట్లు ఆలస్యమైతే అవతలి టీసీపీ తానే నెమ్మదిస్తుంది. ఇక్కడ అప్‌లోడ్ కంటే ఎక్కువ వేగం వదులుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే మన సైగ అవతలికి చేరి వాళ్లు నెమ్మదించేలోపు వచ్చేవి వచ్చేస్తూనే ఉంటాయి. ఆగమన్నా ఆగని యూడీపీ ట్రాఫిక్ మీద మాత్రం ఈ ఉపాయం పారదు. దాన్ని ఆపాలంటే బకెట్ సంస్థ వైపే ఉండాలి.